పొట్ట మీది గీత చెప్పని సంగతి

మొదటి కాన్పులో నాకు సిజేరియన్ చేయడానికి కారణం, గర్భాశయ ముఖద్వారం ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోవడం. ఉమ్మనీరు పోయింది, నొప్పులు బలంగానే వస్తున్నాయి, అయినా నాలుగు గంటల్లో అది ఇంకాస్త కూడా తెరుచుకోలేదు. ఆరుకు చేరకముందు నొప్పులు నెమ్మదిగా సాగడం మామూలే, ఆ ఒక్క కారణంతో కోతకు వెళ్లరు. ఆరు దాకా వచ్చాక, బలమైన నొప్పులున్నా నాలుగు గంటలు కదలిక లేకపోతేనే కాన్పు ఆగిందంటారు. ఆ తేడా నాకు అప్పుడు తెలియదు. రెండోసారి గర్భం వచ్చాకే దాని విలువ అర్థమైంది.

ఆపరేషన్ తర్వాత మొదటి రోజు కష్టమల్లా మంచం దిగడమే. నిటారుగా లేవబోతే కుట్ల మీద బరువంతా పడుతుంది. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచేత్తో నొక్కుకుంటూ లేవాలి. దగ్గు వస్తే దిండును పొట్టకు అదుముకోవాలి. ఎంత త్వరగా నడిస్తే అంత మంచిది, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు పాకడం, చీము, దుర్వాసనతో స్రావం కూడా అలాంటివే. కోత పైన చర్మం మొద్దుబారి ఉండడం మాత్రం భయపడాల్సింది కాదు. నాకు నెలల తరబడి అలాగే ఉంది. మొదటి ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తలేదు.

రెండో గర్భంలో డాక్టర్ మొదట అడిగింది పాత ఆపరేషన్ నోట్స్. నాకున్నది అడ్డగీత కదా, దాన్ని చూస్తే చాలదా అన్నాను. చాలదట. చర్మం మీది కోత, గర్భసంచి మీది కోత రెండూ ఒకేలా ఉండాలని లేదు. గర్భసంచి కింది భాగం నెలలు నిండేకొద్దీ పలచబడి సాగుతుంది. బాగా నెలలు తక్కువగా ఉన్నప్పుడు అది సరిగా ఏర్పడదు కాబట్టి, పైన అడ్డగీత ఉన్నా లోపల నిలువుగా కోయాల్సి రావచ్చు. పైభాగంలో నిలువు కోత ఉంటే నొప్పుల్లో చిట్లే ప్రమాదం 4 నుంచి 9 శాతం దాకా ఉంటుంది, అలాంటివారికి మామూలు కాన్పు ప్రయత్నం వద్దంటారు. కింది భాగంలో అడ్డంగా కోస్తే అది ఒక శాతం లోపే, సుమారు రెండు వందల మందిలో ఒకరికి. నా నోట్స్‌లో రెండో రకమే రాసి ఉంది.

సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించిన వారిలో మొత్తం మీద 60 నుంచి 80 శాతం మందికి మామూలు కాన్పు అవుతుంది. మొదటి ఆపరేషన్ బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నందుకు చేసినదైతే అవకాశం ఎక్కువ, నాలాగా కాన్పు ఆగినందుకు చేసినదైతే కాస్త తక్కువ. మధ్యలో కోతకు పోవాల్సి వస్తే, ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్ కంటే ఇన్ఫెక్షన్, రక్తస్రావం ముప్పు ఎక్కువ. మరోవైపు, ప్రతి సిజేరియన్‌తో తర్వాతి గర్భంలో మాయ పాత కోత మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతూ పోతుంది. నాకు మూడో బిడ్డ కావాలనుంది. మామూలు కాన్పుకే ప్రయత్నించాలన్న నా నిర్ణయాన్ని ఎక్కువగా మలిచింది ఆ మాటే.

షరతులు ముందే మాట్లాడుకున్నాం. నొప్పులు వాటంతటవే రావాలి, ఎందుకంటే మందులతో తెప్పిస్తే చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లు అవుతుంది. మిసోప్రోస్టాల్ మాత్రలైతే అసలే వద్దు. 41 వారాలకూ రాకపోతే ఆపరేషన్. వెంటనే కోతకు దిగగలిగే ఆసుపత్రి అయి ఉండాలి.

నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండె చప్పుడును యంత్రం ఆపకుండా నమోదు చేస్తూనే ఉంది. పాత కోత విడిపోతే చాలాసార్లు ముందు తెలిసేది అక్కడే, చప్పుడు పడిపోవడంలో. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని పోటు, రక్తం పోవడం, వస్తున్న నొప్పులు హఠాత్తుగా ఆగిపోవడం, కిందికి దిగిన తల మళ్లీ పైకి జరగడం కూడా గుర్తులే. అవి కనిపించినవాళ్లందరికీ కోత చిట్లినట్లు కాదు, కానీ ఆగి చూసే సమయం ఉండదు. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ ఈ గుర్తులను కప్పేస్తుందేమోనని భయపడి నేను వద్దనబోయాను. గుండె చప్పుడు మారడాన్ని అది దాచలేదని చెప్పాక ఒప్పుకున్నాను.

ఈసారి ఆరు దగ్గర ఆగలేదు. ఆరు నుంచి పదికి మూడు గంటలు పట్టింది.