వకుళ అని పిలిస్తే ఎవరూ తప్పు రాయరు: బారసాల పేరు గురించి ఒక శ్లోకం

స్త్రీణాం సుఖోద్యమక్రూరం విస్పష్టార్థం మనోహరమ్ ।
మంగల్యం దీర్ఘవర్ణాంతమాశీర్వాదాభిధానవత్ ॥

మనుస్మృతి రెండో అధ్యాయంలో 33వ శ్లోకం ఇది. ఆడపిల్లకు పెట్టే పేరు సుఖంగా పలకగలిగేదై ఉండాలి, వినడానికి కటువుగా ఉండకూడదు, అర్థం స్పష్టంగా తెలియాలి, మనసుకు నచ్చాలి, మంగళకరంగా ఉండాలి, చివర దీర్ఘం రావాలి, ఆశీర్వాదంలా వినిపించాలి. దీనికి ముందున్న రెండు శ్లోకాలు కులాన్ని బట్టి పేర్లు విడదీస్తాయి. వాటితో మనకు పనిలేదు. ఈ ఒక్క శ్లోకాన్ని మాత్రం ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా వాడుకోవచ్చని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు చెప్పిన లక్షణం చూడండి, 'సుఖోద్యం'. నోటికి సులువుగా రావడం. ఎవరి నోటికి అన్నది శ్లోకం చెప్పలేదు. ఇంట్లో అమ్మమ్మ నోటికైతే ఏ పేరైనా తిరుగుతుంది. అయిదేళ్ల తర్వాత బడిలో హాజరు పిలిచే టీచరు నోటికి, పక్క బెంచీ పిల్ల నోటికి, పదో తరగతి మెమో కోసం వివరాలు టైపు చేసే గుమాస్తా చేతికి కూడా అది సుఖంగా రావాలి. 'ఎవరికీ లేని పేరు కావాలి' అని వెతికే తల్లిదండ్రులు సాధారణంగా ఈ ముగ్గురినీ లెక్కలోకి తీసుకోరు.

ప్రత్యేకమైన పేరు కావాలనుకోవడం తప్పేమీ కాదు. క్లాసులో ఒకే పేరుతో ముగ్గురుంటే ఇంటిపేరులోని మొదటి అక్షరాలతో పిలిపించుకునే బాధ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ ప్రత్యేకత కోసం ఒత్తుల మీద ఒత్తులు చేర్చుకుంటూ, అర్థం లేని తోకలు తగిలించుకుంటూ పోవాలా అన్నదే ప్రశ్న. బారసాల తంతును కాస్త నిదానంగా గమనిస్తే దీనికి సమాధానం అందులోనే ఉంది.

నామకరణంలో పెట్టేది ఒక్క పేరు కాదు, నాలుగు. కులదేవత లేదా ఇష్టదేవత పేరు ఒకటి, పుట్టిన నెలను బట్టి మాసనామం ఒకటి, నక్షత్ర పాదాన్ని బట్టి జన్మనామం ఒకటి, అందరూ పిలిచే వ్యావహారిక నామం ఒకటి. పుణ్యాహవాచనం అయ్యాక తండ్రి పళ్లెంలో పోసిన బియ్యం మీద బంగారు ఉంగరంతో రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పేది వీటినే. మొదటి మూడూ దేవుడి దగ్గర, సంకల్పంలో, జాతకంలో పనికొస్తాయి. బడికి వెళ్లేది నాలుగోది ఒక్కటే. భక్తి, తిథి, నక్షత్రం, వంశం అన్నీ ఆ ఒక్క పేరులోనే కుక్కాలన్న టెన్షన్ మనం పెట్టుకున్నదే తప్ప శాస్త్రం పెట్టింది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కార్తీక బహుళ విదియనాడు రోహిణి రెండో పాదంలో ఆడపిల్ల పుట్టిందనుకోండి. మాసనామాలు మార్గశిరంలో కృష్ణుడితో మొదలై వరసగా నడుస్తాయి. కార్తీకానికి వచ్చేది పుండరీకాక్షుడు. అంటే పాపకు మాసనామం పుండరీకాక్షి. ఎంత గొప్ప పేరు! హాజరు పట్టీలో ఉంటే మాత్రం మొదటి రోజే 'పుండి' అయిపోతుంది. మాసనామంగా బియ్యం మీద రాస్తే, సంకల్పంలో చెప్పుకుంటే దాని గౌరవం దానికుంటుంది. పిల్లకు ఆ బాధా ఉండదు.

ఇక నక్షత్రం. రోహిణి నాలుగు పాదాలకు పంచాంగంలో ఓ, వా, వీ, వూ అని అక్షరాలు ఇస్తారు. రెండో పాదానికి 'వా'. హ్రస్వమైన 'వ'తో కూడా సరిపెట్టే పురోహితులు చాలామంది ఉన్నారు. అసలు ఈ పాదాక్షరం జన్మనామానికే గాని పిలుపు పేరుకు తప్పనిసరి కాదు. తప్పనిసరి అనుకుంటే ఆర్ద్రలో పుట్టిన పిల్లల గతి ఏమిటి? ఆ నక్షత్రానికి వచ్చే అక్షరాల్లో 'ఙ' ఒకటి. దానితో పేరు ఎవరు పెట్టగలరు? అయినా చాలా ఇళ్లలో పెద్దవాళ్ల తృప్తి కోసం పిలుపు పేరు కూడా ఆ అక్షరంతోనే చూస్తారు. మనమూ అలాగే చూద్దాం.

పెద్దగా వాడుకలో లేని 'వ' పేరు కావాలంటే లలితా సహస్రనామం తెరవడం మంచి పద్ధతే. 'విజయా విమలా వంద్యా వందారుజనవత్సలా' అనే పాదం దగ్గర ఆగుతాం. వంద్య, అంటే నమస్కరించదగినది. రెండే అక్షరాలు, ఎక్కడా పెద్దగా వినని పేరు, అమ్మవారి పేరు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. దీన్ని ఇంగ్లీషులో రాస్తే Vandya. కానీ తెలుగువాళ్లకు 'ద' కనిపిస్తే పక్కన h చేర్చే అలవాటు ఉంది, 'త'కు th రాసినట్టే. ఏదో ఒక ఫారంలో అది Vandhya అవుతుంది. దాన్ని చూసి ఎవరో తెలుగులో 'వంధ్య' అని తిరిగి రాస్తారు. వంధ్య అంటే గొడ్రాలు. అమ్మవారి నామం ఒక్క h తేడాతో తిట్టుగా మారిపోతుంది. శ్లోకంలోని 'విస్పష్టార్థం', 'మంగల్యం' రెండూ దెబ్బతినేది ఇక్కడే. పేరు సరిగ్గా రాసినప్పుడు మంచి అర్థం వస్తే సరిపోదు. తప్పు రాసినప్పుడు ఏ అర్థం వస్తుందో కూడా చూడాలి.

తర్వాత వారుణి బాగుందనిపిస్తుంది. రాయడానికి చిక్కేమీ లేదు, Varuni. వరుణుడి సంబంధం, సముద్రం గుర్తొస్తుంది. అయితే క్షీరసాగర మథనంలో పుట్టిన వారుణి మద్యానికి అధిదేవత. లలితా సహస్రనామంలోనే 'వారుణీమదవిహ్వలా' అన్న నామంలో ఆ మాట ఆ అర్థంతోనే ఉంది. ఆ పేరున్న అమ్మాయిలు హాయిగానే ఉన్నారు, నేను కాదనను. సంస్కృతం మేష్టారు క్లాసులో నవ్వినప్పుడు పిల్లకు ఏం చెప్పాలో మాత్రం ముందే ఆలోచించుకుని పెట్టాలి.

వాహిని? ప్రవాహం. పలకడం, రాయడం రెండూ సులువు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటే మంచి పేరే. ఉద్యోగరీత్యా పుణెలో ఉంటే కాస్త ఆలోచించాలి. మరాఠీలో వహిని అంటే వదిన, ఇంగ్లీషులో రాస్తే అదీ Vahini. ఒకటో తరగతి పిల్లను క్లాసంతా వదినా అని పిలుస్తుంది.

అలా వడపోస్తే నాకు మిగిలిన పేరు వకుళ. పొగడపువ్వు. మూడు అక్షరాలు. పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్లకు బేసి సంఖ్యలో అక్షరాలు, చివర 'ఆ'కారం చెప్పింది. సంస్కృతంలో వకుళా అన్న దీర్ఘం తెలుగులోకి వచ్చేసరికి సీతా సీత అయినట్టు పొట్టిదవుతుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. తిరుమల కథ తెలిసినవాళ్లకు అర్థం విడమరచి చెప్పాల్సిన పని లేదు. కృష్ణుడి పెళ్లి కళ్లారా చూడలేకపోయిన యశోదే వకుళాదేవిగా పుట్టి, శ్రీనివాసుణ్ని కొడుకులా చూసుకుని, పద్మావతితో పెళ్లి కుదిర్చిందని చెప్పుకుంటాం. స్వామి నైవేద్యం వండే పోటును ఆమె ఈనాటికీ కనిపెట్టుకుని ఉంటుందని నమ్మకం. తిరుపతి దగ్గర పేరూరు బండ మీద ఆమెకు గుడి ఉంది. ఇంతకంటే ఆశీర్వాదంలా వినిపించే పేరు ఏముంటుంది?

రాత సంగతికి వస్తే Vakula అని తప్ప ఇంకోలా రాయడానికి పెద్దగా దారి లేదు. త, థ, ద, ధ లేవు కాబట్టి h తగాదా లేదు. శ, ష, స లేవు కాబట్టి s రాయాలా sh రాయాలా అన్న అనుమానం రాదు. ఋ లేదు, జ్ఞ లేదు, క్ష లేదు. ఒకే పేరు ప్రజ్ఞ, ప్రగ్న, ప్రగ్య అని మూడు రకాలుగా మారిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. అమెరికా బడిలో th కనిపిస్తే టీచరు దాన్ని థకు దగ్గరగా పలుకుతుంది, గీత కాస్తా గీథ అవుతుంది. వకుళకు ఆ బెడద లేదు. లోటు లేదని కాదు. 'ళ' రానివాళ్లు వకుల అంటారు, బెంగాలీలు వకారాన్ని బకారం చేసి పలుకుతారు. పలుకు కాస్త జారినా తెలుగు గడప దాటనంత వరకు ఆ ఆరు ఇంగ్లీషు అక్షరాలు కదలవు.

ఇక్కడ ఒకరు గట్టిగా అడ్డుపడవచ్చు. ఇదే మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రాల, చెట్ల, నదుల పేర్లున్న పిల్లను పెళ్లాడవద్దని ఉంది కదా, వకుళ చెట్టే కదా అని. నిజమే, ఉంది. కానీ రేవతి, గంగ, తులసి లేని తెలుగు వంశం ఎక్కడుంది? ఆ నిషేధాన్ని మన ఆచారం ఎప్పుడో తోసి అవతల పెట్టింది.

వకుళ పాత పేరు, నాయనమ్మల కాలం పేరు అని ముఖం చిట్లించేవాళ్లూ ఉంటారు. నా మటుకు అదే దాని బలం. పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలో కొడుక్కి పేరు ఎలా పెట్టాలో చెప్పే యాజ్ఞికుల మాట ఒకటి ఉదహరించాడు. తండ్రికి పైన మూడు తరాల పెద్దల్ని గుర్తుచేసే పేరు కావాలి, శత్రువుల ఇంట్లో స్థిరపడిన పేరు కాకూడదు అని. ముత్తాతల కాలంలో ఇంటింటా ఉన్న పేరు ఈనాటి ఎల్‌కేజీలో ఒక్కరికీ ఉండదు. అరుదుదనం కోసం కొత్తగా ఏదీ కల్పించక్కర్లేదు, తాతమ్మ పేర్లు రాసిన పాత శుభలేఖ ఒకటి తీసి చూస్తే చాలు.

పేరు బాగా కుదిరాక న్యూమరాలజీ పేరుతో చివర ఇంకో a తగిలించేవాళ్లకు ఒక్క మాట. తప్పు రాయడానికి వీల్లేని పేరును వెతికి పట్టుకుని, మన చేత్తోనే తప్పు రాసి పెడుతున్నట్టు అవుతుంది. జీవితాంతం 'చివర రెండు a లు అండీ' అని చెప్పుకోవాల్సింది ఆ పిల్ల.

ఆస్పత్రిలో పేరు అడిగారని కంగారుపడి ఏదో ఒకటి చెప్పేయనక్కర్లేదు. మన దేశంలో జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, కానీ పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఆ తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆపైన ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు గడువుంది. ఇరవై ఒకటో రోజు బారసాల చేసుకుని, నాలుగు పేర్లూ బియ్యం మీద రాసి, నాలుగోదాన్ని తీరిగ్గా రిజిస్టర్‌లో ఎక్కించండి. ఎక్కించే ముందు ఫారంలో రాసిన ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూసుకోండి. రేపు ఆధార్‌లో, బడి రికార్డులో, పాస్‌పోర్టులో అడిగేది ఆ స్పెల్లింగునే.