మెనూ బోర్డు ఫొటోలో వరస తప్పే ధరలు

బుధవారం, రాత్రి

ఈ రోజు పనంతా ఒక్క మెనూ బోర్డు మీదే, ఫొటో చూసి దాని పేర్లు, ధరలు పట్టికలోకి ఎక్కించడం. టిఫిన్లు, బిర్యానీలు రెండూ అమ్మే హోటల్లో కౌంటర్ పైన కట్టిన ఫ్లెక్సీ. ఎడమ సగంలో టిఫిన్లు, ఒక పేరుకు ఒక ధర. అది పావుగంటలో అయిపోయింది. కుడి సగంలో బిర్యానీలు, స్టార్టర్లు. పేరు పక్కన హాఫ్, ఆ పక్కన ఫుల్. కష్టమంతా అక్కడే.

బోర్డు తలకంటే ఎత్తున ఉంది. ఫొటో తీసినవాళ్లు ఎడమ పక్కన నిలబడి తీశారు. కుడివైపు దూరంగా ఉండడంతో చిన్నదైపోయి, పై అంచు కుడికి పోతున్నకొద్దీ కిందకి వాలింది. కొలిస్తే కుడి సగంలోనే ఆ కొస నుంచి ఈ కొసకు 90 పిక్సెళ్ల వాలు. వరసకూ వరసకూ మధ్య దూరం 60 పిక్సెళ్లే. అంటే పై వరసల్లో పేరు దగ్గర నుంచి చూపు అడ్డంగా పోనిస్తే, ఫుల్ గడికి చేరేసరికి ఒకటిన్నర వరస తేడా వస్తుంది. కింది అంచు మాత్రం దాదాపు సమంగా ఉంది. అందుకే అడుగు వరసలన్నీ సరిగ్గా కుదురుతాయి, నడుమ ముప్పావు వరస జారుతుంది, పైన పూర్తిగా పక్క వంటకం ధర వచ్చి కూర్చుంటుంది. కింది రెండు మూడు వరసలు సరిచూసి బాగుందనుకుంటే మోసపోయేది ఇక్కడే.

దీనికి మొదట చేయాల్సింది ఫొటోను నిలువుగా, అడ్డంగా సరిచేసుకోవడం. ఫోన్ గ్యాలరీలోనే చాలావరకు పర్‌స్పెక్టివ్ సరిచేసే సదుపాయం ఉంటుంది. ఫ్లెక్సీ నాలుగు మూలలూ చట్రానికి సమంగా వచ్చేదాకా లాగాలి. ఊరికే తిప్పితే చాలదు. పై అంచు, కింది అంచు వేర్వేరుగా వాలాయి కాబట్టి తిప్పడంతో ఒకటి కుదిరితే ఇంకొకటి చెడుతుంది.

తర్వాత పేర్లను, ధరలను కలిపి చదవకూడదు. పేర్ల గడి మొత్తం పైనుంచి కిందికి ఎక్కించి లెక్కపెట్టాలి. ఫుల్ గడిని కిందనుంచి పైకి విడిగా ఎక్కించి లెక్కపెట్టాలి. ఇవాళ్టి బోర్డులో పేర్లు 19 వచ్చాయి, ధరలు 18. ఏదో ధర చెరిగిపోయిందని ముందు అనిపిస్తుంది. తీరా చూస్తే 'స్పెషల్ చికెన్ ఫ్రై' ఒక వరసలో, దాని కింద 'పీస్ బిర్యాని' ఇంకో వరసలో ఉన్నాయి. అవి రెండు వంటకాలు కావు. పేరు పొడుగై కింది వరసకు దిగింది, ధర రెండో వరసకు ఎదురుగా పడింది. రెండో వరస కాస్త లోపలికి జరిగి మొదలైంది, పైగా మొదటి వరసకు ఎదురుగా హాఫ్ గానీ ఫుల్ గానీ, కనీసం గీత గానీ లేదు. ఆ రెండు గుర్తులూ కలిస్తే అది ఒకటే పేరు.

ధరలు జారాయా లేదా అని పట్టుకోవడానికి ఇంకో మార్గం బోర్డులోనే ఉంది. మటన్ బిర్యానీ కిందే వెజ్ బిర్యానీ ఉంది. వెజ్‌కు మటన్ ధర వచ్చిందంటే వరస ఒకటి కిందకి జారినట్టే. అలాగని అందాజుతో ధర మార్చేయకూడదు. అనుమానం వచ్చిన చోట మళ్లీ ఫొటో చూడాలి, అంతే. హోటల్ వాళ్లు నిజంగానే వింత ధర పెట్టి ఉండొచ్చు.

పూర్తయ్యాక పై భాగం ఇలా వచ్చింది:

```
పేరు | హాఫ్ | ఫుల్
ఎగ్ బిర్యాని | 90/- | 160/-
స్పెషల్ చికెన్ ఫ్రై పీస్ బిర్యాని | 150/- | 260/-
మటన్ బిర్యాని | 190/- | 340/-
వెజ్ బిర్యాని | 80/- | 140/-
చికెన్ 65 | - | ₹220
అపోలో ఫిష్ |  | [?]
```

'చికెన్ 65'లోని 65 పేరులో భాగం, ధర కాదు. హాఫ్ గడి ఖాళీగా గానీ గీతతో గానీ ఉంటే ఆ 65 జారి హాఫ్ ధరగా కూర్చోవడం చాలా మామూలుగా జరిగే తప్పు. టిఫిన్లలో 'ఇడ్లీ (2)', 'పూరీ (3)' కూడా అంతే. బ్రాకెట్ చెరిగిపోతే 'ఇడ్లీ 2 40/-' కాస్తా 'ఇడ్లీ 240' అయిపోతుంది. అంకె ఏ గడి అంచుకు ఆనుకుని ఉందో చూడాలి. ధరలన్నీ కుడి అంచుకు ఒకే నిలువు గీతలో ఆగుతాయి, పేరులోని అంకె ఆగదు.

గీత, ఖాళీ, [?] మూడూ వేర్వేరు. గీత అంటే హాఫ్ ఇవ్వరని బోర్డే చెబుతోంది. ఖాళీ అంటే బోర్డు ఏమీ చెప్పలేదు. [?] అంటే అక్కడ అంకె ఉంది, ట్యూబ్‌లైట్ మెరుపు పడి కనబడడం లేదు. ఇవాళ హాఫ్ గడిలో 12 ధరలు, 4 గీతలు, 2 ఖాళీలు. కలిపితే 18, వంటకాల లెక్కకు సరిపోయింది. మూడింటినీ ఖాళీగా వదిలేసి ఉంటే ఈ సరిచూపు కుదిరేదే కాదు.

ఇక రూపాయి గుర్తులు. ఈ బోర్డు మీద రెండు రకాలున్నాయి: పాత వరసల్లో '/-', తర్వాత అతికించిన స్టిక్కర్ల మీద ₹. '/-' అణాల కాలం నాటి అలవాటు. అడ్డగీతకు అవతల అణాలు రాసేవారు, అణాలు లేకపోతే చిన్న గీత. 1957లో నయాపైసలు వచ్చి అణాలు పోయినా గీత మిగిలింది. మసక ఫొటోలో ఆ అడ్డగీత 1లా కనబడుతుంది, 160/- కాస్తా 1601 అవుతుంది. ఒక గడిలో ధరలన్నీ 1తోనే ముగుస్తుంటే కారణం అదే.

₹ వచ్చింది 2010లో. దానికి ముందు బోర్డుల మీద రూ., Rs. తప్ప ఇది ఉండదు. మసకలో ఇది 7లాగో 2లాగో కనబడుతుంది, ₹220 కాస్తా 7220 అవుతుంది. అంత పెద్ద అంకె అయితే వెంటనే తెలిసిపోతుంది గానీ, ₹50 పోయి 250 అయితే ఎవరికీ అనుమానం రాదు. పెద్దది చేసి తల చూడాలి: 7కు పైన ఒకటే గీత, ₹కు రెండు. టైపు చేసేటప్పుడు యూనికోడ్‌లో U+20B9 నే వాడాలి. ₨ వేరే అక్షరం, U+20A8. రెండూ కలిస్తే తర్వాత వెతుకులాటలో సగం వరసలు దొరకవు. బోర్డులో రెండు గుర్తులుంటే రెండూ ఉన్నవున్నట్టే ఎక్కించాలి. అంకెలు మాత్రమే కావాలంటే పక్కన ఇంకో గడి పెట్టుకోవచ్చు.

స్టిక్కర్ కింద పాత ధర కొస ఒకటి బయటికి కనిపిస్తోంది. దాన్ని ఎక్కించలేదు, పైన ఉన్నదే ధర. 'బిర్యాని' అని బోర్డు మీద పొట్టి ఇకారంతో ఉంది, అలాగే ఉంచాను. అడుగున 'పార్శిల్ 10/- అదనం' అన్నది ఏ వంటకం ధరా కాదు కాబట్టి పట్టిక బయట విడి వాక్యంగా పెట్టాను.

అపోలో ఫిష్ ధర ఒక్కటి మిగిలింది. మెరుపు పడిన చోట వెలుతురు తగ్గించి చూసినా ఏమీ తేలలేదు. పూర్తిగా తెల్లబడిన పిక్సెళ్లలో అంకె మిగలదు. ఫొటో పంపినవాళ్లను రేపు ఆ వరసకు ఎదురుగా నిలబడి, రెండడుగులు కుడికి జరిగి ఇంకొకటి తీయమన్నాను.