అక్షరాల చుట్టూ తెల్ల గీత

"ఈ అక్షరాలకు తెల్ల అంచు కుట్టినట్టుందేంట్రా?" అన్నారు నాన్న. ఊరి నుంచి మారతహళ్లి ఇంటికి వచ్చారు కదా, లాప్‌టాప్‌ను కొత్త టీవీకి కలిపి ఈ-పేపర్ చూపిస్తున్నాను.

దగ్గరికెళ్లి చూస్తే నిజమే. నీలం పట్టీ మీది నల్ల హెడ్డింగ్ చుట్టూ తెల్ల గీత. టీవీ సెట్టింగ్స్ తెరిచి చూస్తే షార్ప్‌నెస్ 50లో ఉంది. అది కొత్త వివరమేమీ తేదు. అంచు దగ్గర నలుపును ఇంకా నల్లగా, పక్క రంగును ఇంకా తెల్లగా చేస్తుంది, అంతే. మన గుండ్రటి అక్షరాల లోపల కూడా ఆ తెలుపే నిండిపోతుంది.

తెల్ల పేజీ మీద సరిచేయబోతే తేడా తెలియలేదు. తెలుపు అంతకన్నా తెల్లబడదు కదా! అందుకే బూడిద రంగు పేజీ మీద నల్ల అక్షరాలు పెట్టి కొద్దికొద్దిగా తగ్గించాను. 10 దగ్గర గీత పోయింది. 0కి దించినా మసకబారలేదు, అక్కడే ఉంచేశాను. కొన్ని టీవీల్లో 0 పెడితే మసకవుతుంది. అప్పుడు అక్షరం తేటపడేదాకా పెంచి, గీత మొదలవకముందే ఆగాలి.

మొదట బొమ్మ మరీ మెత్తగా అనిపించింది. కాసేపటికి కళ్లు అలవాటు పడ్డాయి. నాన్న సోఫాలోంచే చిన్న అక్షరాల వార్త పైకి చదివి వినిపించారు.