మొటిమ బిళ్లలు: ఏడు వారాల లెక్క

ఏప్రిల్ 6

మూడు నెలలుగా పింపుల్ ప్యాచ్‌లు వాడుతున్నాను. బొట్టుబిళ్లంత ఉంటాయి కాబట్టి మా ఇంట్లో వాటి పేరు మొటిమ బిళ్లలు. రాత్రి అతికించి పొద్దున తీస్తే మధ్యలో తెల్లగా ఉబ్బి ఉంటుంది. అంత చీము లాగేసిందా అని చాలా తృప్తిగా చూసుకునేదాన్ని. కానీ మొన్న చీమే లేని చిన్న గీత మీద అతికించినా అలాగే తెల్లబడింది. ఆ తెలుపు ఏమిటో తేల్చుకోవాలని ఇవాళ మూడు బిళ్లలు పెట్టాను.

ఒకటి దవడ మీద, సాయంత్రం స్నానంలో దానంతట అదే చితికిన మొటిమ మీద. రెండోది ఏమీ లేని ముంజేతి లోపలి వైపు. మూడోది స్టీలు పళ్లెంలో జిగురు వైపు పైకి పెట్టి, మధ్యలో ఒక్క నీటి చుక్క వేసి, ఆరిపోకుండా పైన చిన్న గిన్నె బోర్లించాను.

ఏప్రిల్ 7

పళ్లెంలో బిళ్ల మధ్యలో గుండ్రంగా, పాలలా తెల్లగా ఉబ్బింది. వేసింది నీళ్లే. వేలితో తాకితే మెత్తగా, కాస్త జారుడుగా ఉంది. దవడ మీద నుంచి తీసిన బిళ్లను దాని పక్కన పెడితే చూపుకు రెండూ ఒకటే. దవడ బిళ్లలో తెలుపు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంది, మధ్యలో మాత్రం ఆవగింజ కంటే చిన్న పసుపు చుక్క కనిపించింది. అసలు చీము అంతే. చేతి మీది బిళ్ల కాస్త మసకబారింది, అది చెమట తడి.

అంటే తెల్లగా కనిపించేదంతా మొటిమలోంచి వచ్చినది కాదు. తడి పీల్చుకుని ఉబ్బిన బిళ్ల పదార్థమే అది. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే చుట్టూ జిగటగా ఉబ్బుతాయి కదా, ఇక్కడ జరిగేదీ దాదాపు అదే. బిళ్లలో రబ్బరులాంటి జిగురు ఉంటుంది. అందులో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, జెలటిన్, పెక్టిన్ లాంటి నీళ్లు పీల్చే పొడులు కలుపుతారు. పెక్టిన్ అంటే జామ్‌ను గట్టిపరిచే పదార్థమే. వీటికే హైడ్రోకొలాయిడ్ అని పేరు. పైన పలచని పాలీయూరథేన్ పొర ఉంటుంది. అది బయటి నీళ్లను, మురికిని లోపలికి రానివ్వదు.

ఇందులో పంపులాగా గుంజేది ఏదీ లేదు. చర్మం పైకి వచ్చిన తడిని తాగుతుంది, అంతే. ఇది అర్థమయ్యాక ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అన్నది చాలావరకు తేలిపోయింది.

ఏప్రిల్ 8

దవడ మొటిమ మూడో రాత్రి. వివరంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే బిళ్ల సరిగ్గా పనికొచ్చే మొటిమ ఇలాంటిదే.

మొదటి రాత్రి ముఖం కడిగి, టిష్యూతో అద్ది, చర్మం పూర్తిగా ఆరేదాకా పది నిమిషాలు ఆగాను. క్రీమ్ ఏదీ రాయలేదు. మొటిమ చుట్టూ కనీసం మూడు మిల్లీమీటర్ల మామూలు చర్మానికి అతుక్కునేలా బిళ్ల పెట్టి, వేలితో అర నిమిషం అదిమి ఉంచాను. వేలి వేడికి జిగురు మెత్తబడి బాగా పడుతుంది. మాయిశ్చరైజర్ ఆ తర్వాత, బిళ్లకు దూరంగా. ఎనిమిది గంటలు ఉంచి పొద్దున తీస్తే పైన చెప్పిన తెలుపు. వెంటనే రెండోది పెట్టాను, సాయంత్రానికి తెలుపు సగానికి తగ్గింది. రెండో రాత్రి పెట్టినది పొద్దునకు కాస్త మసకగా ఉంది, ఉబ్బు లేదు. ఇవాళ రాత్రి పెట్టకపోయినా ఫరవాలేదు. పెట్టినప్పుడు ఎలా ఉందో తీసినప్పుడూ అలాగే వస్తే రసి ఆగిపోయినట్టే, ఆపైన పెట్టడం దండగ.

పక్కు కట్టలేదన్నది అన్నిటికంటే నచ్చింది. పక్కు కడితే నేను గిల్లుతాను, గిల్లితే మళ్లీ నెత్తురు, మళ్లీ పక్కు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి, కొన్నిటిని గాలికి వదిలేశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. ఎండిన పక్కు ఉంటే కొత్త కణాలు దాని కిందుగా దారి వెతుక్కోవాలి, తడిగా ఉంటే పైపైనే జరిగిపోతాయి. హైడ్రోకొలాయిడ్ డ్రెస్సింగులు 1980ల మొదట్లో పుండ్లకు వాడుకలోకి వచ్చాయి. మనం ముఖానికి పెట్టుకునేవి ఆ డ్రెస్సింగుల పలచని చిన్న ముక్కలే.

ఏప్రిల్ 19

గడ్డం కింద పచ్చి మొటిమ. పైన తల లేదు, లోపల శనగగింజంత గట్టిగా, తాకితే సలుపు. మూడు రాత్రులు వరుసగా బిళ్ల పెట్టాను. మూడు పొద్దులూ బిళ్ల పెట్టినప్పుడు ఎంత తేటగా ఉందో అంతే తేటగా వచ్చింది. నొప్పి తగ్గలేదు, వాపు తగ్గలేదు. చర్మం మూసుకుని ఉంది, వాపు రంధ్రం లోపలి భాగంలో ఉంది, పైన అతికించినదానికి అక్కడి తడి ఎలా అందుతుంది? మూడు బిళ్లలు వృథా.

నాలుగో రోజు చర్మ డాక్టరుకు చూపించాను. వేలితో తడిమి, "లోపలి గడ్డమ్మా ఇది, పైన ఏం పెట్టినా అందదు" అన్నారు. ఇలాంటివి తరచూ వస్తే లోపలికి మందు కావాలని, ఒక్కటే పెద్దదిగా సలుపుతుంటే సన్న సూదితో స్టెరాయిడ్ ఇస్తామని చెప్పారు. నాకు రాత్రిపూట ముఖమంతా పలచగా రాయడానికి అడాపలీన్ జెల్ రాశారు. అది ఉన్న మొటిమను వెంటనే మాన్పడానికి కాదు, కొత్తవి రాకుండా రంధ్రాలు మూసుకోనివ్వకుండా ఉంచడానికి.

ముక్కు మీది బ్లాక్‌హెడ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. వాటిలో రసి లేదు, ఉన్నది గట్టిపడిన నూనె, చనిపోయిన చర్మం. ముక్కు మొత్తానికి పెద్ద ప్యాచ్ పెట్టి తీస్తే తెల్లగా కనిపించేది ఎక్కువగా చెమట, కాస్త పైపై నూనె. రెండు రోజులకు ముక్కు మళ్లీ మామూలే.

పండిన మొటిమ సంగతి మధ్యరకం. పైన తెల్లటి తల వచ్చి ఇంకా చితకనిది. బిళ్ల కింద చర్మం మెత్తబడి కొన్నిసార్లు రాత్రికి రాత్రే దానంతట అది తెరుచుకుంటుంది, అప్పుడు బిళ్ల పని మొదలవుతుంది. ఈ వారాల్లో అలాంటివి నాలుగు వస్తే రెండు తెరుచుకున్నాయి, రెండు లేదు. తెరుచుకోని వాటిని సూదితో పొడవలేదు. పొడిస్తే చీము లోపలికి చిందే ప్రమాదం ఉంది, మన చామనఛాయ చర్మానికి ఆ మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

ఏప్రిల్ 27

అడాపలీన్ మొదలుపెట్టి వారం అయింది, చర్మం పొడిబారింది. ఇవాళ బిళ్లను పై నుంచి గభాలున లాగితే దాని చుట్టూరా చర్మం లేచి ఎర్రటి ఉంగరం పడింది. తప్పు నాదే. గోరువెచ్చని నీళ్లతో అంచు తడిపి, ఒక అంచు లేపి, బిళ్లను చర్మానికి సమాంతరంగా పక్కకు సాగదీయాలి. సాగితే జిగురు తనంతట తాను వదులుతుంది. ఆ ఎర్ర ఉంగరం తగ్గడానికి మొటిమ కంటే ఎక్కువ రోజులు పట్టేలా ఉంది.

మే 4

చెల్లి నుదుటి మీద ఒకే సైజు చిన్న చిన్న పొక్కులు, పదిహేను దాకా. "అక్కా, దురదగా ఉంది, నీ బిళ్లలు ఇవ్వవా?" అంది. నాలుగు ఇచ్చాను. తలకు నూనె పెట్టుకుని ఉండడంతో రెండు అర్ధరాత్రే జారిపోయాయి, మిగతా రెంటి కింద పొద్దునకు మరీ ఎర్రగా అయింది. ఇక ఇవ్వలేదు. దురద పెడుతూ, అన్నీ ఒకేలా ఉండి, చెమట కాలంలో గుంపుగా వచ్చేవి చాలాసార్లు మొటిమలు కావు, వెంట్రుక కుదుళ్లలో ఈస్ట్ పెరిగి వచ్చేవి. వాటిని గాలి తగలకుండా మూసి ఉంచడం వాటికి మేలు చేసినట్టే. మర్నాడు డాక్టరు కూడా అదే చెప్పి ఫంగస్ మందు ఇచ్చారు.

మే 12

ప్యాకెట్ బిళ్లల ఖర్చు ఎక్కువవుతోందని మందుల షాపులో 10 సెంటీమీటర్ల చదరం హైడ్రోకొలాయిడ్ డ్రెస్సింగ్ షీట్ తీసుకున్నాను. 12 మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే వరుసకు ఎనిమిది చొప్పున 64 వస్తాయి. కొనేటప్పుడు పలచని రకం అడగాలి. పుండ్లకు వాడే మందపు రకం అంచు దిండుకు రాసుకుని లేస్తుంది, అది నేను ముందు కొని చూసిన పొరపాటు.

కింది కాగితం తీయకుండానే చిన్న కత్తెరతో కోయాలి. చదరపు మూలలు ముందు లేస్తాయి కాబట్టి నాలుగు మూలలూ గుండ్రంగా తీశాను. కాగితాలకు చిల్లులు పెట్టే పంచ్‌తో ప్రయత్నిస్తే జిగురు పంచ్‌లో ఇరుక్కుంది, పైగా వచ్చిన ముక్క ఆరు మిల్లీమీటర్లే, మొటిమ చుట్టూ అతుక్కోవడానికి చాలదు. కత్తెరకు పట్టిన జిగురు కొబ్బరినూనెతో పోయింది. అయితే కోసే ముందు ఆ కత్తెరను సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి.

మే 18

ఒకే బిళ్లను రోజున్నర ఉంచితే ఏమవుతుందో ఇవాళ తెలిసింది. ఆఫీసు హడావిడిలో మర్చిపోయాను. తెలుపు అంచుదాకా వచ్చి పక్క నుంచి కారడం మొదలైంది, కింద చర్మం ఎక్కువసేపు నీళ్లలో నానిన వేలిలా ముడతలు పడి పాలిపోయింది. తెలుపు అంచుకు చేరే ముందే మార్చాలి, రసి ఎక్కువగా ఉన్న మొదటి రోజు ఎనిమిది గంటలకోసారి చూసుకోవాలి. ఉబ్బిన పదార్థం కాస్త పసుపుగా, చిన్న వాసనతో ఉంటే భయపడనక్కర్లేదు. చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకుతూ, వేడిగా ఉండి, జ్వరం వస్తే మాత్రం బిళ్ల తీసేసి డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

మే 25

ఏడు వారాల్లో ముఖం మీద పదకొండు మొటిమలు రాసుకున్నాను. చితికి రసి వచ్చినవి ఐదు, పండి మూసుకుని ఉన్నవి నాలుగు, లోపలి గడ్డలు రెండు. చితికిన ఐదింటిలో ఒక్కటీ గిల్లలేదు, ఒక్కటీ పక్కు కట్టలేదు. వీటిలో రెండు చోట్ల గోధుమరంగు మచ్చ మిగిలింది. దానికి బిళ్ల ఏమీ చేయదు, రోజూ సన్‌స్క్రీన్ రాస్తున్నాను.

మధ్యలో ఒక విషయం గమనించాను. ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు నా చేయి దానంతట అదే దవడ మీదికి వెళుతుంది. వేలికి బిళ్ల నున్నగా తగిలితే ఆగిపోతుంది. ఐదు మొటిమలూ బాగా మానడంలో ఈ ఆపడం పాత్ర పీల్చడం పాత్ర కంటే పెద్దదని నా నమ్మకం. అందుకే పగటిపూట ఇంట్లో ఉన్నప్పుడు రసి ఆగిపోయిన మొటిమ మీద కూడా ఒక్కోసారి పెడుతున్నాను. ఏప్రిల్‌లో దండగ అని రాసుకున్నది గిల్లే అలవాటు లేనివాళ్లకు సరిపోతుంది, నాకు కాదు.

షీట్‌లో ఇంకా 51 ముక్కలున్నాయి. బాత్రూమ్ అల్మరాలో తేమకు అంచులు మెత్తబడుతున్నాయని జిప్ కవర్‌లో వేసి బీరువాలోకి మార్చాను.