లెక్చరర్ పోస్టుకు నా దరఖాస్తు మెయిల్

మా పాలకొల్లుకి గంట ప్రయాణంలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ పోస్టు పడింది. సీవీ, టీచింగ్ స్టేట్‌మెంట్, రీసెర్చ్ స్టేట్‌మెంట్ జతచేసి మెయిల్ పంపమన్నారు.

‘అయిదేళ్ళ టీచింగ్ అనుభవం ఉంది, నాలుగు పేపర్లు ప్రచురించాను, దయచేసి పరిశీలించగలరు’ అని నాలుగు ముక్కలు రాసి, పంపేముందు మా గైడ్ మేడమ్‌కి చూపించాను.

‘నాలుగూ అచ్చయ్యాయామ్మా?’ అన్నారు.

రెండే అయ్యాయి. ఒకటి అంగీకరించారు, ఒకటి ఇంకా రివ్యూలో ఉంది.

‘మరి అలాగే రాయి. నాలుగింటికీ డీఓఐ నంబర్లు అడిగితే రెండు చూపించి నేల చూపులు చూస్తావా?’

అనుభవంలోనూ అదే తిరకాసు. అయిదేళ్ళలో రెండేళ్ళు నేను గెస్ట్ ఫ్యాకల్టీని, వారానికి ఎనిమిది పీరియడ్లు. మూడేళ్ళే ఫుల్‌టైమ్. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో తేదీలు ఎలాగూ ఉంటాయి కాబట్టి రెండూ విడివిడిగా, ఏ క్లాసులకి ఏ పేపరు చెప్పానో కలిపి రాశాను. ఇలా రాస్తే అనుభవం తగ్గినట్టు కనిపిస్తుందేమోనని కాస్త బాధేసిన మాట నిజం.

అసలు కష్టం స్టేట్‌మెంట్లతో వచ్చింది. నేను రాసిన రెండిట్లో పేర్లు మారిస్తే తేడా తెలియదు. టీచింగ్ దాంట్లో ఉన్న పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టేసి, ఒక్క ప్రాక్టికల్ గురించి రాశాను: చెరువు నుంచి తెచ్చిన వెనామీ రొయ్యను కోయించి, పిల్లల చేత హెపటోపాంక్రియాస్ గుర్తుపట్టించి బొమ్మ గీయించడం. సగంమంది ఇళ్ళలో రొయ్యల చెరువులున్నాయి, వాళ్ళ ప్రశ్నలకి పీరియడ్ చాలేది కాదు.

నా రీసెర్చ్ రొయ్యలకి సోకే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి మీద. అది సోకిన రొయ్య చావకుండా, పెరగకుండా మేత మాత్రం తింటూ ఉంటుంది, రైతుకి ఇంకేం మిగులుతుంది? నిర్ధారణకి పీసీఆర్ కావాలి. ఆ కాలేజీలో ఆ మిషన్ లేదని ముందే కనుక్కున్నాను. అందుకే రీసెర్చ్ స్టేట్‌మెంట్‌లో, వారం వారం రొయ్యల బరువు, నీటి పరీక్ష అక్కడే పిల్లలతో చేయిస్తాననీ, శాంపిళ్ళు బయటి ల్యాబ్‌కి పంపుతాననీ రాశాను. ఒక్క పేజీ.

ఇంత చేసి, సర్టిఫికెట్ల స్కాన్ల దగ్గర బోల్తా పడ్డాను. ఫోన్‌తో తీసిన ఫొటోలన్నీ కలిపితే 31 ఎంబీ. జీమెయిల్‌లో 25 దాటితే ఫైలు అటాచ్ అవ్వదు, డ్రైవ్ లింక్‌గా మారుతుంది. నేనది పట్టించుకోకుండా పర్మిషన్ ఇవ్వకుండానే పంపేశాను. మూడో రోజు కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్.

‘మేడమ్, మీ ఫైలు నొక్కితే Request access అంటోందండి. తెరుచుకోవట్లేదు.’

గడువు ఆ సాయంత్రమే. సర్టిఫికెట్లు బ్లాక్ అండ్ వైట్‌లో మళ్ళీ స్కాన్ చేస్తే 4 ఎంబీకి దిగింది. ఈసారి ముందు నా రెండో మెయిల్ ఐడీకి పంపుకుని, ఫోన్‌లో ఒక్కో ఫైలూ తెరిచి చూసుకున్నాకే కాలేజీకి పంపాను.

పది రోజులకి డెమో క్లాసుకి పిలిచారు. ముందు అడిగింది ఆ రివ్యూలో ఉన్న పేపరు సంగతే.