అయిదో తారీఖు సూది

నాకు వేయించే పెనిసిలిన్ సూదిని మా ఇంట్లో 'నెల సూది' అనేవాళ్లం. తప్పు ఆ పేరులోనే ఉందని తెలిసేసరికి ఏడేళ్లు గడిచాయి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలోని గజపతి జిల్లా అయినా మా వీధిలో ఇంటింటా తెలుగే వినిపిస్తుంది. 2004లో నాకు 11 ఏళ్లు. రథయాత్ర రోజుల్లో గొంతు నొప్పి, జ్వరం వచ్చి మూడు రోజుల్లో తగ్గిపోయాయి. ఎవరం పట్టించుకోలేదు. మూడు వారాల తర్వాత ఒక పొద్దున లేవబోతే కుడి మోకాలు వాచి ఉంది, దుప్పటి తగిలినా నొప్పే. రెండు రోజులకు మోకాలు తేలికపడి ఎడమ చీలమండ పట్టుకుంది. తర్వాత మణికట్టు. "ఏటే ఇది, నొప్పి ఇల్లు మారుతున్నట్టు మారుతోంది" అంది మా నాన్నమ్మ. అలా ఒక కీలు వదిలి ఇంకో కీలుకి పోవడమే ఈ జబ్బు గుర్తు అని తర్వాత తెలిసింది.

బరంపురంలో డాక్టరు గుండెకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. రక్త పరీక్షలు చేయించి, ఎకో అనే గుండె స్కానింగ్ తీయించాడు. రుమాటిక్ జ్వరం, గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే మైట్రల్ వాల్వు కొద్దిగా లీకవుతోంది అన్నాడు. ఆస్పిరిన్ మాత్రలతో రెండు రోజుల్లోనే కీళ్ల నొప్పులు మాయమయ్యాయి. ఆ తర్వాత మొదలైంది పెనిసిలిన్ సూది, 12 లక్షల యూనిట్లది.

అమ్మ అడిగింది, "బాబూ, ఎన్నాళ్లు ఏయించాలి?" అని. ఆయన ఏదో చెప్పాడు, చీటీ మీద రాశాడు. ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగు ముక్కల్లో మాకు అర్థమైంది ఒక్కటే: నెలకోసారి సూది. నాన్న బట్టల కొట్లో పనిచేసేవాడు, జీతం అయిదో తారీఖున వచ్చేది. అందుకని సూది కూడా అయిదో తారీఖునే. అమ్మ ఒక చిన్న నోటు పుస్తకంలో ప్రతిసారీ తేదీ రాసేది. ఆ పుస్తకమే తర్వాత మా తప్పును మాకు చూపించింది.

2009లో నాకు 16 నిండాయి. కీళ్ల నొప్పి మాటే లేదు. స్కూల్లో ఖోఖో ఆడేదాన్ని. ఒక క్లినిక్‌లో సూది వేసే ఆయన పుస్తకం తిరగేసి, "అయిదేళ్లు అయిపోయాయి కదమ్మా, ఇంక అక్కర్లేదు" అన్నాడు. అమ్మ సంతోషంతో గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టింది. నేనూ సంతోషించాను. ఆ సూది నొప్పి పడ్డవాళ్లకే తెలుసు, రెండు రోజులు ఒక పక్కకే కూర్చోవాలి.

2011లో డిగ్రీకి బరంపురం హాస్టల్లో చేరాను. గదికి నలుగురం. వానాకాలంలో ఒకరి తర్వాత ఒకరికి గొంతు నొప్పి వచ్చింది. మిగతా ముగ్గురికీ అది గొంతు నొప్పిగానే పోయింది. నాకు మూడో వారంలో మోచెయ్యి పట్టేసింది, తర్వాత మోకాలు. ఈసారి ఇంకొకటి కూడా వచ్చింది. రెండో అంతస్తుకి ఎక్కుతుంటే మెట్టు మెట్టుకీ ఆయాసం, రాత్రి రెండు తలగడలు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. ఎకోలో చూస్తే కొద్దిపాటి లీకు కాస్తా మధ్యస్థం అయింది.

ఎందుకలా జరిగిందో అప్పుడు చూసిన డాక్టరు నిదానంగా చెప్పాడు. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి మీదికి మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ యుద్ధానికి వెళ్తుంది. ఆ క్రిమి మీద ఉండే కొన్ని పదార్థాలు మన గుండె వాల్వులోనూ కీళ్లలోనూ ఉండేవాటిని పోలి ఉంటాయి. అందుకే కొందరిలో ఆ దెబ్బ మన మీదే పడుతుంది. కీళ్లు మచ్చ లేకుండా కోలుకుంటాయి. వాల్వు అలా కాదు, మచ్చ పడుతుంది. ఒకసారి ఈ జ్వరం వచ్చినవాళ్లకి మళ్లీ ఆ క్రిమి గొంతులో చేరితే మళ్లీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ, వచ్చిన ప్రతిసారీ వాల్వు ఇంకాస్త పాడవుతుంది. సూది వాల్వును బాగు చెయ్యదు. ఆ క్రిమిని గొంతులో కుదురుకోనివ్వదు, అంతే. అంటే నాకు ఒంట్లో బాగుండటం సూది ఆపడానికి కారణం కాదు, సూది పనిచేస్తోందనడానికి గుర్తు. ఈ ఒక్క మాట 2009లో ఎవరైనా మా అమ్మకి తెలుగులో చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ నా బాధ.

తర్వాత ఆయన అమ్మ నోటు పుస్తకం అడిగి తీసుకుని తేదీల మధ్య రోజులు లెక్కపెట్టాడు. అయిదు నుంచి అయిదుకి మామూలుగా 30, 31 రోజులు. నాన్నకి జీతం ఆలస్యమైన నెలల్లో 35. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్లిన ఏడాది 42. ఈ మందు కండలో ముద్దలా నిలిచి నెమ్మదిగా రక్తంలోకి కరుగుతుంది. మూడు వారాలు దాటేకొద్దీ రక్తంలో దాని మోతాదు తగ్గిపోతూ వస్తుంది, నాలుగో వారానికి చాలామందిలో కాపలా సరిపోదు. కొన్ని దేశాల్లో 28 రోజులకి వేస్తారు. ఈ జబ్బు ఎక్కువగా ఉండే మన దగ్గర పిల్లల డాక్టర్లు 21 రోజులే చెబుతారు. నెలకోసారి అంటే ఏడాదికి 12 సూదులు. 21 రోజులకి అయితే 17. నేను సూది మానక ముందు కూడా ప్రతి నెలా కొన్ని రోజులు కాపలా లేకుండానే తిరిగానన్నమాట.

"ఎకోఇశియా గుర్తుపెట్టుకో" అన్నాడాయన. ఒడియావాళ్లు బిడ్డ పుట్టిన 21వ రోజున చేసే వేడుక అది, మన బారసాల లాంటిది. అప్పటినుంచి మాకు తారీఖులతో పని లేదు. బుధవారం వేయించుకుంటే మూడు వారాల తర్వాత మళ్లీ బుధవారమే. ఊరెళ్లాల్సి వస్తే రెండు రోజులు ముందే వేయించుకుంటాను. ఎప్పుడైనా దాటితే గుర్తొచ్చిన రోజే వేయించుకుని, అక్కడినుంచి కొత్తగా 21 లెక్కపెడతాను.

ఎన్నేళ్లు అన్నదానికి కూడా ఆయనే కాగితం మీద లెక్క వేసి చూపించాడు. అయిదేళ్ల లెక్క గుండెకి ఏమీ తగలని వాళ్లది. అది కూడా ఒట్టి అయిదేళ్లు కాదు. అయిదేళ్లు లేదా ఒక వయసు వరకు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఆ వయసు కొన్ని పుస్తకాల్లో 18, కొన్నిట్లో 21. మా పక్కింటి కుర్రాడికి 9 ఏళ్లప్పుడు కీళ్లకే వచ్చింది, ఎకో రెండుసార్లూ శుభ్రంగా ఉంది. అయిదేళ్లంటే 14కే అయిపోవాలి, కానీ వాడి డాక్టరు 21 వరకు వేయించాడు. గుండెకి తగిలి, తర్వాత వాల్వు బాగుపడినవాళ్లకి 10 ఏళ్లు లేదా 21, కొందరు డాక్టర్లయితే 25 దాకా. వాల్వులో లోపం మిగిలిపోతే 10 ఏళ్లు లేదా 40 ఏళ్ల వయసు, ఏది ఎక్కువైతే అది. బాగా పాడైనవాళ్లకి జీవితాంతం. విశాఖలో ఓపీ లైన్లో నా ముందు కూర్చున్న ఒకామెకి మెటల్ వాల్వు వేశారు, ఆమె కూడా సూది మానలేదు. మార్చింది ఒక్క వాల్వే, మిగతావి ఆమెవే కదా.

ఏళ్లు లెక్కపెట్టడం మొదటి జ్వరం నుంచి కాదు, చివరిగా వచ్చిన దాని నుంచి. 2004లో వాల్వుకి తగిలిన నాకు 2009లో ఆపడం ఏ లెక్కలోనూ కుదరదు. ఎంత తక్కువ చేసి చూసినా 2014 దాకా నడవాల్సింది. 2011లో మళ్లీ రావడంతో లెక్క సున్నా నుంచి మొదలైంది.

2017లో పెళ్లయింది, 2019లో పాప పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడు అత్తగారు భయపడ్డారు, "బిడ్డకి ఏమైనా అవుతుందేమో, ఈ తొమ్మిది నెలలు ఆపమ్మా" అని. పెనిసిలిన్ గర్భిణులకి ప్రమాదం కాదని, ఆపితేనే ప్రమాదమని డాక్టరుతో ఆమెకే చెప్పించాను. ఒక్క సూది కూడా దాటలేదు.

అందరూ ఇది వేయరు. రియాక్షన్ వస్తే ఎవరు చూస్తారని రెండు క్లినిక్‌లలో తిప్పి పంపేశారు. నిజమైన అలర్జీ అరుదే గానీ ఉంటుంది. అందుకే రియాక్షన్ వస్తే వెంటనే వేసే అడ్రినలిన్ అందుబాటులో ఉన్నచోటే వేయించుకుంటాను, ముందు టెస్ట్ డోస్ వేస్తారు, తర్వాత అరగంట అక్కడే కూర్చుంటాను. ఒకసారి ఖాళీ కడుపుతో వెళ్లి నిలబడే వేయించుకుని కళ్లు తిరిగి పడ్డాను. అది అలర్జీ కాదు, నొప్పికి, భయానికి వచ్చే సొమ్మ. దద్దుర్లు లేవు, ఊపిరి ఆడకపోవడం లేదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే రెండు నిమిషాల్లో తేరుకున్నాను. అయినా దాన్ని అలర్జీ అని రాసేయబోయారు. అలా రాస్తే నాకు ఈ మందే దూరమయ్యేది. ఇప్పుడు ఏదైనా తిని వెళ్తాను, పడుకునే వేయించుకుంటాను.

మా సిస్టర్ దిదీ చెయ్యి మంచిది. పొడిలో నీళ్లు కలిపాక సీసాను అరచేతుల మధ్య కాసేపు తిప్పి వెచ్చబరుస్తుంది. మందు చిక్కగా ఉంటుంది, సన్న సూదిలో ఇరుక్కుంటుంది. అందుకని లావు సూదే తీసుకుంటుంది. వేసే చోట బొటనవేలితో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు గట్టిగా నొక్కి, అప్పుడు గుచ్చి, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తుంది. హడావిడిగా తోసేసిన చోట రెండు రోజులుండే నొప్పి ఆమె దగ్గర సాయంత్రానికి తగ్గుతుంది.

2021లో పదేళ్లు నిండాయి, నాకు 28. ఎంతో ఆశతో విశాఖ వెళ్లాను. ఎకోలో లీకు పెరగలేదు, కానీ పోలేదు. మధ్యస్థంగానే ఉంది. డాక్టరమ్మ ఏం ఉద్యోగం చేస్తున్నావని అడిగారు. ప్రైమరీ స్కూల్లో టీచర్ని అన్నాను. రోజూ నలభై మంది పిల్లల మధ్య, అంటే గొంతు నొప్పులు ఎక్కువగా తిరిగే చోటే నా పని. లీకు మిగిలింది, పని ఇలాంటిది. రెండూ కలిపి చూసి 40 వరకు అన్నారు, అంటే 2033. అప్పుడు కూడా దానంతటదే ఆగదట, ఎకో చూసి, నా ఉద్యోగం చూసి కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. తర్వాత అమ్మకి ఫోన్ చేసి, ఇంకో పన్నెండేళ్లు అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మరి ఎకోలో పెరగలేదు కదా?" అంది. పెరగలేదన్నాను.

ఇప్పుడు నోటు పుస్తకం నేనే రాస్తున్నాను. పోయిన సూది 2025 నవంబరు 5, బుధవారం. తర్వాతది 26.