ఇస్పేటు 8 దాచుకోనన్న మా అబ్బాయి

పేకలో సెవెన్స్ ఆడుతూ, ఇస్పేటు 8 ఇప్పుడే వేయకు, ఆపుకో అంటే, "దట్స్ మీన్, అమ్మా" అంటూ దాన్ని తీసి పరిచేశాడు మావాడు. ఆ ముక్క వాడి చేతిలో ఉన్నంతసేపూ 9 నుంచి రాజు దాకా ఐదు ముక్కలు మా ముగ్గురి దగ్గర ఇరుక్కుని ఉంటాయి. పైన ఇస్పేటు వాడికి ఒక్కటీ లేదు. అలాంటి ముక్కని ముందే ఎవరైనా వదులుతారా?

తెలియనివాళ్లకి ఆట చెప్తాను. 52 ముక్కలూ నలుగురికీ పంచేస్తాం. ఆఠీను 7 ఉన్నవాళ్లు మొదలుపెడతారు. తర్వాత ఎవరి వంతుకి వాళ్లు ఇంకో రంగు 7 గానీ, పరిచిన వరసకి పైనో కిందో అతికే ముక్క గానీ వేయాలి. కింద ఆసు దాకా, పైన రాజు దాకా. ముందు చెయ్యి ఖాళీ చేసినవాళ్లదే గెలుపు. మా ఇంట్లో వేయగలిగే ముక్క ఉంటే పాస్ అనకూడదు, అందుకే ఒకటి ఆపాలంటే వేయడానికి ఇంకోటి ఉండాలి.

వాడికి ఉన్నాయి! ఇస్పేటు 8 కాక డైమన్ రాణి, రాజు, కళావరు 3, ఆసు. బల్ల మీద డైమన్ జాకీ దాకా వచ్చింది, కళావరు 4 దాకా దిగింది. ముందు 3 వేయాలి, ఎందుకంటే ఎవరో 2 వేస్తే తప్ప వాడి ఆసు కదలదు. తర్వాత రాణి, రాజు. రాణి వేస్తే దారి దొరికేది వాడి రాజుకే, రాజు తర్వాత ఇంకేమీ లేదు, అంటే ఎవరికీ సాయం చేయకుండా రెండు వంతులు గడిచిపోతాయి. ఈలోగా ఇస్పేటు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి మిగతావాళ్లకి వేయడానికి ముక్కలు తగ్గిపోతాయి, 2 పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇక దాన్ని వదలక తప్పకపోవచ్చు. వాళ్ల దగ్గర వేరే ముక్కలు చాలా ఉంటే మాత్రం 2 రాదు, వీడు 8 వేయాల్సిందే. అయినా మూడు వంతులు ఆపినట్టేగా. ఒకవేళ ఇస్పేటు రాజు కూడా వీడి దగ్గరే ఉండుంటే 8 ముందే వేయమనేదాన్ని, ఎందుకంటే 9, 10, జాకీ, రాణి వేరేవాళ్ల చేతుల్లోంచి రావాలి, దానికి టైం పడుతుంది.

ఇదంతా ఓపిగ్గా చెప్తే, "అన్నీ షేర్ చేసుకోమని నువ్వే అంటావుగా" అన్నాడు. ఆటకీ దానికీ సంబంధం లేదన్నాను. నిజానికి పొద్దున్నే చెల్లికి బొమ్మ ఇవ్వలేదని వాడికి క్లాసు పీకింది నేనే. ఇక్కడి స్కూల్లో "ఫెయిర్" అనే మాట రోజూ వింటాడు, నేనేమో పక్కవాళ్లు ముక్కలు చూడకుండా గుండెకి హత్తుకుని ఆడుతూ పెరిగినదాన్ని. గెలవడం నేర్పాలని నాకెందుకింత పట్టుదలో!

వాళ్ల చెల్లికి ఈ బాధేం లేదు. 7 దొరికితే చాలు, వేయకుండా దాచుకుని కూర్చుంటుంది, దాంతో పాటు తన చేతిలో ఉన్న అదే రంగు ముక్కలు కూడా ఆగిపోతాయని ఎంత చెప్పినా వినదు. దాన్ని చూసి నవ్వుతాను, వాడి మీద విసుక్కుంటాను. ఎందుకలా అని మావారు అడిగితే, పంచండి ముందు అన్నాను.